రిటైలు మాని హోల్‌సేలుకు వెళ్తున్నామని సిబ్బందికి చెప్పడం: నా అనుభవం

విజయవాడలో మాకు రెండు మ్యాచింగ్ సెంటర్లు ఉండేవి. ఒకటి బీసెంట్ రోడ్డులో, రెండోది పటమటలో. జాకెట్టు బట్టలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు, లేసులు మీటర్ల లెక్కన అమ్మేవాళ్లం. రెండు చోట్లా కలిపి ఇరవై మంది దాకా పనిచేసేవారు. ఈ దుకాణాలను నేనే మొదలుపెట్టాను, మీటరు లెక్కన అమ్మడం మానేసి ఊళ్లలోని చిన్న మ్యాచింగ్ సెంటర్లకు సరుకు అందించే హోల్‌సేలు వ్యాపారంలోకి వెళ్లాలని నిర్ణయించుకున్నదీ నేనే. ఆ నిర్ణయాన్ని సిబ్బందికి చెప్పడానికి ఎలా సిద్ధపడ్డానో, ఏమి చెప్పానో, వాళ్లు ఏమి అడిగారో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి మార్పుకు సిద్ధపడుతున్న దుకాణదారులకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

నిర్ణయానికి కారణం క్లుప్తంగా చెబుతాను. రెడీమేడ్ జాకెట్లు పెరిగాయి, రోజూ చీర కట్టేవారు తగ్గారు, అద్దె మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. అయితే అసలు కారణం అది కాదు. నూజివీడు, గుడివాడ, తెనాలి వైపు నుంచి చిన్న దుకాణాల వాళ్లు మా కౌంటరు దగ్గరికి వచ్చి, మామూలు ఖాతాదారుల్లాగే నిలబడి, అయిపోయిన రంగులు ఐదేసి మీటర్లు కొనుక్కుని వెళ్లేవారు. వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్టులో హోల్‌సేలు దుకాణాలకు కొదవలేదు. కానీ వాళ్లకు ఎదురైన చాలాచోట్ల బట్ట చుట్టను, అంటే తానును, మొత్తం తీసుకోమంటారు. ఇరవై మీటర్ల లైనింగు తాను మీటరు నలభై చొప్పున ఎనిమిది వందలవుతుంది. మ్యాచింగ్ సెంటరు నడపాలంటే ఒక్క లైనింగులోనే మూడు వందల రంగులు ఉండాలి. అంటే ఒక రకానికే 2,40,000 రూపాయలు బీరువాల్లో ఉండిపోతాయి. అందులో సగం రంగులు ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా కదలవు. అందుకే వాళ్లు మా దగ్గర రిటైలు ధరకే కొనుక్కుని వెళ్లేవారు. వాళ్లకు రంగు నంబరు ప్రకారం, ఐదేసి మీటర్ల ముక్కలుగా, హోల్‌సేలు ధరకు సరుకు పంపగలిగితే అది నిలబడే వ్యాపారమని నాకు తోచింది.

అలాగైతే రిటైలు కూడా ఉంచుకోవచ్చు గదా అని ఇంట్లోవాళ్లు అడిగారు. ఈ ప్రశ్న సిబ్బంది నుంచి కూడా తప్పక వస్తుందని నాకు తెలుసు కాబట్టి దాని మీద చాలాసేపు ఆలోచించాను. తెనాలి దుకాణానికి మా బీసెంట్ రోడ్డు కౌంటరు వల్ల నష్టమేమీ లేదు. కానీ సగం వ్యాపారం విజయవాడలోనే ఉన్న చిన్న మ్యాచింగ్ సెంటర్ల నుంచి రావాలి. పక్క వీధిలో తనకు పోటీగా అమ్ముతున్న మనిషి దగ్గర ఎవరూ సరుకు కొనరు, తన దగ్గర ఏ రంగులు పోతున్నాయో అతనికి తెలియనివ్వరు. కాబట్టి రిటైలు పూర్తిగా ఆపక తప్పదు. సిబ్బందికి ఈ కారణం ముందే చెప్పకపోతే, నష్టం వచ్చి దుకాణం మూసేస్తున్నామన్న మాటే వాళ్లలో మిగులుతుంది.

సమయం విషయంలో సంక్రాంతి అమ్మకాలు ముగిసిన తర్వాత, మార్చి నెలాఖరు స్టాకు లెక్కకు ముందు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఏప్రిల్ 1 నుంచి కొత్త పుస్తకాలు కొత్త పద్ధతిలో మొదలవుతాయి. శ్రావణ మాసపు గిరాకీ నాటికి పని అందరికీ అలవాటవుతుంది. పెళ్లిళ్ల మధ్యలో చెబితే కౌంటరు దగ్గర మనసు పెట్టి పనిచేసేవాళ్లు ఉండరు. మరీ ముందు చెబితే, ఏ సంగతీ తేలక ముందే మంచి సేల్స్ అమ్మాయిలు వేరే దుకాణాల్లో చేరిపోతారు.

మాట్లాడే ముందు నేను తేల్చుకోవలసినవి మూడు: ఎవరు ఉంటారు, వాళ్ల జీతం ఎంత, ఏ తేదీ నుంచి. ఇవి తేలకుండా సమావేశం పెట్టకూడదనుకున్నాను. ఎందుకంటే యజమాని వ్యాపారం గురించి ఎంత వివరంగా చెప్పినా, వింటున్నవాళ్లు తమ సంగతి తేలేవరకు మిగతాది వినరు. లెక్క వేస్తే నలుగురికి కొత్త పద్ధతిలో పని లేదని తేలింది. రెండు క్యాష్ కౌంటర్లలో ఒకటి పోతుంది. పటమట దుకాణం వాచ్‌మన్, గాజు తలుపు దగ్గర నిలబడి ఖాతాదారులను లోపలికి పిలిచే అబ్బాయి, పీకో కుట్టే ఆవిడ కూడా ఆ నలుగురిలో ఉన్నారు. ఈ నలుగురితో ముందు రోజు సాయంత్రం ఒక్కొక్కరిగా కూర్చుని మాట్లాడాను. తమకు పని లేదన్న సంగతి పదిమందిలో కూర్చుని, అందరి చూపులూ తమ మీద పడుతుండగా తెలుసుకోవలసిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

డబ్బు విషయం వాళ్లకు నోటితో చెప్పి వదిలేయలేదు, కాగితం మీద రాసి ఇచ్చాను. నోటీసు కాలానికి ఒక నెల జీతం, సర్వీసులో ప్రతి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం, దానితోపాటు గ్రాట్యుటీ. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే దుకాణంలో ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ చట్ట ప్రకారం రావలసిన హక్కు, అది యజమాని దయ మీద ఆధారపడేది కాదు. ఆఖరి నెల జీతాన్ని ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతో, ఆపైన సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. ఎనిమిదేళ్లు చేసిన మా క్యాష్ కౌంటరు అమ్మాయి జీతం 13,000. ఏడాదికి 7,500 చొప్పున ఆమెకు 60,000 గ్రాట్యుటీ వచ్చింది. ఈ లెక్కను ఆమె కళ్లముందే కాలిక్యులేటరు మీద వేసి చూపించాను. పీకో ఆవిడ తన మిషను ఇప్పించమని అడిగితే ఇచ్చేశాను. ఆవిడ ఇంటి దగ్గర కుట్టుకుంటానని చెప్పారు.

మా ఆడిటరు గారు ఉపన్యాసాన్ని మార్కెట్టు పరిస్థితితో మొదలుపెట్టి, తర్వాత అమ్మకాల లెక్క, ఆఖరున ఉద్యోగాల సంగతి చెప్పమన్నారు. ఆ వరస బ్యాంకు వాళ్లకు సరిపోతుంది. నేను దాన్ని తలకిందులు చేశాను. ఉదయం షట్టరు ఎత్తకముందు, బీసెంట్ రోడ్డు దుకాణంలో అందరినీ కూర్చోబెట్టి, రాసుకున్న కాగితం చూసి చదివాను. చదవడం ఎందుకంటే, ఉద్యోగాల గురించి ఆ క్షణంలో నోటికొచ్చినట్టు చెప్పిన మాట రేపు పదిమంది నోట పది రకాలుగా తిరుగుతుంది. మొదటి మాటలు ఇవి:

"ఏప్రిల్ 1 నుంచి మనం మీటర్ల లెక్కన అమ్మడం ఆపేస్తున్నాం. ఇకమీద ఇతర మ్యాచింగ్ సెంటర్లకు హోల్‌సేలుగా సరుకు ఇస్తాం. ఇక్కడ కూర్చున్న మీలో నలుగురికి మాత్రం కొత్త పద్ధతిలో పని ఉండదు. వాళ్లతో నిన్ననే మాట్లాడాను, వాళ్లకు రావలసినది ఎంతో రాసి ఇచ్చాను. మిగిలిన అందరికీ ఉద్యోగం ఉంది, ఇప్పటి జీతం తగ్గదు. మీ పని ఏమిటో, ఎక్కడో, ఎన్ని గంటలకో మీ పేరుతో ఒక కాగితం సిద్ధంగా ఉంది, ఇప్పుడే ఇస్తాను."

ఆ కాగితాలు పంచి, చదువుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చాను. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాతనే ఎందుకు మారుతున్నామో చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి వాళ్ల ముఖాల్లో వినే ఓపిక వచ్చింది.

లెక్క చెప్పేటప్పుడు శాతాల జోలికి వెళ్లలేదు. ఒక తెల్ల లైనింగు తాను బల్ల మీద పెట్టి, "ఇది మనకు మీటరు నలభైకి పడుతుంది. ఇప్పటిదాకా అరవైకి అమ్ముతున్నాం. ఏప్రిల్ నుంచి నలభై ఐదుకు అమ్ముతాం" అన్నాను. వెనకనుంచి ఎవరో "ఇరవై వచ్చేచోట ఐదే వస్తే ఎలాగమ్మా?" అన్నారు. నేను కోరుకున్నదీ ఆ ప్రశ్నే. ఇప్పుడు వచ్చే ఇరవైలో అద్దె, ఏసీ, లైట్లు, జీతాలు, ఆఖరున మిగిలిపోయే అరమీటరు ముక్కలు కలిపి పదిహేడు రూపాయలు పోతున్నాయి, చేతికి మిగిలేది మూడు. హోల్‌సేలులో బీసెంట్ రోడ్డు అద్దె ఉండదు, వన్ టౌన్‌లో మేడమీది గోడౌను చాలు. తాను నాలుగు ముక్కలుగా కొలిచి కోస్తాం కాబట్టి తుంపులు మిగలవు. ఐదులో మూడు రూపాయల ఇరవై పైసలు ఖర్చులకు పోతే, మీటరుకు రూపాయి ఎనభై పైసలు మిగులుతుంది. అంటే నూరు రూపాయల అమ్మకానికి నాలుగు. మిగులు సన్నబడుతుంది కాబట్టి మీటర్లు ఇప్పటికి రెట్టింపు దాటాలి. ఒక్క లైనింగులోనే నెలకు పది లక్షల అమ్మకం మన లక్ష్యం అని చెప్పాను.

ఇక్కడ ఆగిపోయి ఉంటే అది సగం నిజమే అయ్యేది. రిటైలులో డబ్బు గల్లాలో పడ్డాకే బట్ట కౌంటరు దాటుతుంది. హోల్‌సేలులో బట్ట ముందు వెళ్తుంది, డబ్బు తర్వాత వస్తుంది. ఆ లైనింగే నెలకు పది లక్షలు అమ్మి నలభై ఐదు రోజుల అరువు ఇస్తే, ఎప్పుడు చూసినా పదిహేను లక్షలు బయటి దుకాణాల్లోనే ఉంటాయి. అమ్మిన నెల జీఎస్టీ మరుసటి నెలలో, డబ్బు వసూలైనా కాకపోయినా, మనమే కట్టాలి. చిన్న తయారీదారులకు నలభై ఐదు రోజుల్లో చెల్లించి తీరాలన్న చట్టం ఉంది గదా అని మా పెద్ద సేల్స్‌మన్ అడిగారు. ఆయన పేపరు శ్రద్ధగా చదువుతారు. ఆ రక్షణ సరుకు తయారుచేసేవారికి, సేవలు అందించేవారికి వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు చిన్న సంస్థల కోసం ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్నా అది బ్యాంకు రుణాల వరకే పనికొస్తుంది. కాబట్టి మనకు రావలసిన బాకీకి మన జాగ్రత్తే అండ అని చెప్పాను.

ఆపైన ఒక ఉదాహరణ వేసి చూపించాను. ఒక పార్టీకి వెయ్యి మీటర్లు, అంటే 45,000 రూపాయల సరుకు పంపాం. అతను దుకాణం ఎత్తేశాడు. మనం సరుకుకు పెట్టిన 40,000 పోయింది. దాని మీద మనం కట్టిన పన్ను కూడా తిరిగి రాదు. నూరుకు నాలుగు మిగిలే వ్యాపారంలో ఆ 40,000 పూడ్చాలంటే పది లక్షలు అమ్మాలి. అంటే ఒక్క పార్టీ ఎగ్గొడితే లైనింగు మీద మనందరి ఒక నెల కష్టం పూర్తిగా ఊరికే పోయినట్టు. ఈ మాట దగ్గర దుకాణం నిశ్శబ్దమైంది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల ఇన్సెంటివ్ ఎందుకు మారుతుందో ఈ లెక్క లేకుండా అర్థం కాదు.

ఇప్పటిదాకా సేల్స్ అమ్మాయిలకు అమ్మిన బిల్లు మీద ఇన్సెంటివ్ ఉండేది. హోల్‌సేలులో అదే పద్ధతి పెడితే ఆర్డరు తీసుకునేవాళ్లు ఎక్కువ అరువు అడిగే పార్టీకే ఎక్కువ సరుకు రాస్తారు. అందులో వాళ్ల తప్పేమీ ఉండదు, పద్ధతే అలా నడిపిస్తుంది. అందుకే ఇన్సెంటివ్‌ను వసూలైన డబ్బు మీద లెక్కకడతామని ప్రకటించాను. వెంటనే అభ్యంతరం వచ్చింది. పటమట దుకాణంలో అందరికంటే ఎక్కువ అమ్మే అమ్మాయి లేచి, "మేడమ్, ఏప్రిల్‌లో అమ్మినదానికి డబ్బు జూన్‌లో వస్తే, రెండు నెలలు మాకు ఇన్సెంటివ్ ఉండదు గదా. మా చీటీ ఎవరు కడతారు?" అని అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. ఏప్రిల్, మే, జూన్ నెలలకు వాళ్లకు గత ఏడాది ఆ నెలల్లో వచ్చిన ఇన్సెంటివ్‌నే ఇస్తామని, జూలై నుంచి వసూలు లెక్క మొదలవుతుందని ఆమెకు అక్కడికక్కడే మాట ఇచ్చాను, తర్వాత అందరి కాగితాల్లో చేర్పించాను. ఈ మూడు నెలల ఖర్చు ముందే నా లెక్కలో ఉంది. ఎవరైనా ఇలాంటి మార్పు చేస్తే ఈ సొమ్ము పక్కన పెట్టుకోకుండా మొదలుపెట్టవద్దని నా మనవి.

అయితే సేల్స్ అమ్మాయిల మనసులో ఉన్న దిగులు డబ్బు ఒక్కటే కాదని నాకు తెలుసు. చీర చేతిలోకి తీసుకుని, వందల రంగుల్లోంచి దానికి సరిపోయే జాకెట్టు ముక్కను చిటికెలో లాగడం వాళ్ల విద్య. ఖాతాదారులు వాళ్ల పేరు పెట్టి అడిగి వచ్చేది ఆ విద్య కోసమే. గోడౌనులో దానికి విలువ ఉండదని, తాము బేళ్లు మోసే పనివాళ్లమైపోతామని వాళ్ల భయం. దానికి సమాధానంగా నేను మాటలు తగ్గించి ఒక పని చేశాను. రాజస్థాన్‌లోని బాలోత్రా నుంచి వచ్చిన లంగా పాప్లిన్ రెండు తాన్లు తెప్పించాను. రెండింటికీ ఒకే షేడ్ నంబరు, ఒకే రామచిలక ఆకుపచ్చ. ట్యూబ్‌లైటు కింద పక్కపక్కన పరిస్తే తేడా చాలామందికి కనిపించలేదు. రెండు కొసలూ పట్టుకుని గుమ్మం దగ్గరికి, ఎండ వెలుగులోకి తీసుకెళ్లమన్నాను. అక్కడ ఒకటి ఆకుపచ్చగానే ఉంది, రెండోదానిలో పసుపు ఛాయ తేలింది. మన పాత అమ్మాయిలు ఇద్దరు బయటికి రాకముందే, అంచు మడత చూసి "ఇది వేరే లాటు మేడమ్" అనేశారు.

ఇదే కొత్త వ్యాపారానికి ఆయువుపట్టు అని అప్పుడు చెప్పాను. అద్దకం ప్రతిసారీ ఒకేలా దిగదు, నంబరు ఒకటే అయినా లాటు మారితే ఛాయ మారుతుంది. రిటైలులో ఖాతాదారు చీర తెచ్చి పక్కన పెట్టి చూసుకుంటుంది కాబట్టి ఆ తేడా మనల్ని బాధించేది కాదు. నూజివీడు దుకాణదారు మాత్రం సరుకు చూడడు, 214 నంబరు ఐదు మీటర్లు పంపమని వాట్సాప్‌లో రాస్తాడు. మనం పంపినది అతని దగ్గరున్న రంగుల నమూనాల షేడ్ కార్డుతో కలవకపోతే పార్సిలు వెనక్కి వస్తుంది, రానూపోనూ ఖర్చు మనది, పైగా ఆ సాకుతో పాత బాకీ కూడా ఆపుతాడు. అందువల్ల వచ్చిన ప్రతి లాటును పగటి వెలుగులో షేడ్ కార్డుతో పోల్చి, కలిసినదాన్ని నంబరు కింద, కలవనిదాన్ని వేరే నంబరు కింద చేర్చే పని ఆ సీనియర్ అమ్మాయిలదేనని, వాళ్లు వద్దన్న తాను నేను చెప్పినా బయటికి వెళ్లదని అందరి ముందు చెప్పాను. గోడౌనుకు ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్న మేడను వెతికి తీసుకున్నది కూడా ఈ పని కోసమే. ఉత్తరపు వెలుగులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు కాబట్టి ఉదయం చూసిన రంగు, మధ్యాహ్నం చూసిన రంగు పెద్దగా మారవు.

మిగిలిన పనుల గురించి తక్కువే చెప్పాను, అవి కాగితాల్లో ఉన్నాయి. కొలత కోసే అబ్బాయిలు ఐదు మీటర్ల ముక్కలు కోసి చీటీలు కుట్టాలి. ఇద్దరు ఆర్టీసీ కార్గో, లారీ ట్రాన్స్‌పోర్టు బుకింగులు చూసుకోవాలి. యాభై వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు లేకుండా బేలు గోడౌను దాటకూడదు. పని వేళలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు వరకు. ఈ చివరి మాటకు మాత్రం ఆడపిల్లలందరి ముఖాలూ ఒక్కసారి విప్పారాయి. రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం కట్టేసి ఉండవల్లికి, రామవరప్పాడుకు బస్సు ఎక్కే కష్టం వాళ్లకే తెలుసు.

ఆఖరున మా పెద్ద సేల్స్‌మన్ అందరి తరఫునా అడిగారు: "ఇది నడవకపోతే మాకు ఎప్పుడు తెలుస్తుందమ్మా?" తప్పక నడుస్తుందని అనడం తేలిక, కానీ ఆ మాట అనే హక్కు నాకు లేదనిపించింది. రెండు గుర్తులు చెప్పాను. అరవై రోజులు దాటిన బాకీ మొత్తం బాకీలో పదోవంతు మించకూడదు. వెనక్కి వచ్చిన పార్సిళ్లు నెలనెలా తగ్గుతూ రావాలి. ఈ రెండు అంకెలనూ ప్రతి నెలా ఐదో తేదీన గోడౌను గోడ మీది బోర్డుపై రాస్తాం. వరసగా మూడు నెలలు అవి గీత దాటితే కొత్త పార్టీలకు అరువు ఆపేసి, నగదు అమ్మకం మీదనే నడుపుతాం, అప్పుడు మళ్లీ ఇలాగే అందరినీ కూర్చోబెట్టి చెబుతాను అన్నాను.

ఇంకా తేలని విషయాలు రెండు మిగిలాయి. పటమట దుకాణం అద్దె ఒప్పందం ఎప్పుడు ముగించాలి, దసరా బోనసు కొత్త లెక్కలో ఎలా ఉంటుంది. వాటికి జవాబు ఇంకా నా దగ్గర లేదని, ఉగాదిలోగా చెబుతానని అన్నాను. అద్దె సంగతి పండగకు ముందే తేలింది. బోనసు పాత పద్ధతిలోనే, ఒక నెల జీతంగా, ఆ ఏడాదికి ఇస్తామని ఉగాది ముందు రోజు రాసి బోర్డు మీద పెట్టాను.